బార్కస్ పిల్లలు, బాలాపూర్ పిల్లలు

వలస వచ్చినవారి పిల్లలు ఎవరివారు? అమెరికాలో పుట్టిన మన మనవళ్ల గురించి ఈ ప్రశ్న అడగడం మనకు అలవాటే. కానీ దానికి రెండు వందల ఏళ్లుగా జవాబు వెతుకుతున్న పేట ఒకటి మన హైదరాబాదు పాతబస్తీలోనే ఉంది. చాంద్రాయణగుట్ట దాటితే వచ్చే బార్కస్ అది. దానికి కాస్త దూరంలో, బాలాపూర్ వైపు, అదే ప్రశ్న ఇప్పుడు ఇంకొక రూపంలో ఎదురవుతోంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది.

బార్కస్ అన్న పేరు బ్యారక్స్ అనే మాటకు మన నోటిలో వచ్చిన రూపం. నిజాం కొలువులో సిపాయిలుగా పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బులు అక్కడ స్థిరపడ్డారు. ఇక్కడ వారిని చావూష్‌లు అంటారు. అది తుర్కీ సైన్యంలోని ఒక హోదా పేరు. ఆ సిపాయిలు చాలావరకు ఒంటరిగా వచ్చారు. ఇక్కడి స్త్రీలనే పెళ్లాడారు. అలా పుట్టిన పిల్లలను అరబ్బులు 'మువల్లద్' అన్నారు. అంటే పరాయి నేలమీద, పరాయి తల్లికి పుట్టినవాడు అని. ఆ మాటలో కొంత చిన్నచూపు కూడా ఉండేది. తండ్రి ఊరివారికి వాళ్లు పూర్తి అరబ్బులు కారు, హైదరాబాదీలకేమో అరబ్బులే.

ఆ ఇళ్లలో ఏది నిలిచింది, ఏది పోయింది అన్నది గమనించదగ్గది. ముందుగా పోయింది భాష. బిడ్డకు మాటలు నేర్పేది తల్లి. తల్లి భాష దక్కనీ ఉర్దూ కాబట్టి ఒకటి రెండు తరాల్లోనే ఇంటి మాట అదే అయింది. పేర్లలో 'బిన్' నిలిచింది, ఇంటిపేర్లు నిలిచాయి, గళ్ల లుంగీ నిలిచింది, పొద్దున్నే తినే హరీస్ నిలిచింది. పెళ్లి ఊరేగింపులో మోగే మర్ఫా అయితే అరబ్బుల గడప దాటి, ఈ నగరంలో అందరి పెళ్లిళ్లకూ చేరింది. భాష నిలవాలంటే రోజంతా దాన్ని మాట్లాడే మనిషి ఇంట్లో ఉండాలి. తిండి, పాట, పేరు నిలవడానికి అంత అవసరం లేదు, పండుగకో పెళ్లికో నలుగురు కూడితే చాలు. భాష పోయింది కాబట్టి గుర్తింపే పోయిందని అనుకోవడం తొందరపాటు.

ఇంట్లో ఏమి నిలిచినా, బయట చట్టం ఏమంటుందన్నది వేరే విషయం. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో కలిశాక చాలామంది అరబ్బులను విదేశీయులన్న పేరుతో నిర్బంధించారు, కొందరిని ఓడలెక్కించి పంపేశారు. అప్పుడు తేల్చవలసి వచ్చింది మువల్లద్‌ల సంగతే. తండ్రి హద్రమౌత్‌లో పుట్టాడు, తల్లి హైదరాబాదుది, బిడ్డ చాంద్రాయణగుట్టలో పుట్టి అరబ్బీ రాకుండా పెరిగాడు. వాడిది ఏ దేశం? రాజ్యాంగంలోని 5వ అధికరణం జవాబు సూటిగా చెప్పింది. ఈ దేశమే స్థిరనివాసమై, ఇక్కడ పుట్టినా, తల్లిదండ్రుల్లో ఒకరు ఇక్కడ పుట్టినా, అయిదేళ్లు ఇక్కడ నివసించినా పౌరుడే. ఈ లెక్కన ఆ బిడ్డకు రెండు ఆధారాలున్నాయి. తండ్రి రక్తం ఏదని చట్టం అడగలేదు. ఆ బిడ్డ పౌరుడై, ఓటరై, ఈ ఊరివాడయ్యాడు. అరబ్బు అని చెప్పుకోవడానికి అతడిక భయపడనక్కరలేదు.

ఆ గుర్తింపుకు అప్పుడప్పుడు లాభనష్టాలూ వచ్చాయి. 1970ల తరువాత గల్ఫ్ దేశాల్లో పనులు దొరికినప్పుడు అరబ్బు మూలం కొందరికి అక్కరకొచ్చింది. 2007లో ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు రిజర్వేషన్ చట్టం చేసినప్పుడు మినహాయించిన పేర్లలో 'అరబ్' ఒకటి. ఇంట్లో గర్వంగా చెప్పుకునే పేరే కాలేజీ సీటు దగ్గర అడ్డమైంది. పిల్లలు తమ గుర్తింపును గాలిలో తూచుకోరు. ఎక్కడ అది పనికొస్తుందో, ఎక్కడ ఖరీదు కట్టవలసి వస్తుందో చూసి, ఒకచోట పైకి తీస్తారు, మరొకచోట మడిచి పెడతారు. దీన్ని మోసమనకూడదు. రెండు ఇళ్లున్నవాడి బ్రతుకుతెరువు అది.

ఇప్పుడు బాలాపూర్ వైపు చూద్దాం. అక్కడి బస్తీల్లో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు ఉంటున్నాయి. 2013లో ఇక్కడ పుట్టిన బిడ్డను ఊహించండి. గాలికి, నీటికి, వీధి మాటకు వాడు హైదరాబాదీయే. ఉర్దూ వచ్చు, బడికి వెళితే తెలుగూ అబ్బుతుంది. కానీ 1955 పౌరసత్వ చట్టం మధ్యలో మారింది. 1987 జూలై 1కి ముందు ఇక్కడ పుడితే చాలు. ఆ తరువాత తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. ఈ బిడ్డకు ఏదీ వర్తించదు. అటు మయన్మార్ 1982 చట్టం తల్లిదండ్రులనే తన పౌరులుగా ఒప్పుకోదు. బార్కస్ బిడ్డకు తెరుచుకున్న తలుపు ఈ బిడ్డకు రెండు వైపులా మూసుకుంది. శరణార్థుల విషయమై 1951 నాటి అంతర్జాతీయ ఒడంబడికలో మన దేశం చేరలేదు కూడా.

దీని ఫలితం ముందుగా ఇంట్లోనే కనిపిస్తుంది. తల్లిదండ్రుల కంటే పిల్లవాడు ఊరి భాష త్వరగా నేర్చుకుంటాడు. ఆసుపత్రిలో, రేషను దుకాణంలో, పోలీసుల ముందు అమ్మానాన్నలకు వాడే దుబాసీ. పదేళ్ల బిడ్డ పెద్దరికం చేస్తాడు, పెద్దవాళ్లు చిన్నబోతారు. వలస కుటుంబాలను పరిశీలించిన పోర్టెస్, రుంబౌట్ అనే అమెరికా పండితులు ఈ తలకిందులు గురించి హెచ్చరించారు. పిల్లవాడు కొత్త సమాజంలోకి పరుగెత్తి, తల్లిదండ్రులు వెనుకబడి, మధ్యలో ఆసరాగా స్వజనుల గుంపు కూడా లేకపోతే మందలించే మాట ఇంట్లో చెల్లదు. ఇద్దరూ కలిసి నేర్చుకుంటూ, పాత భాషను కొంతైనా ఉంచుకున్న ఇళ్లలో పిల్లలు నిలదొక్కుకుంటారని వారి వాదన. బార్కస్‌కు పేట ఉంది, పెద్దలున్నారు, పెళ్లిళ్లున్నాయి. గుడిసె ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియనిచోట అవి కుదురుకోవు.

కష్టం ఎలా తెలుస్తుంది? బడిలో పిల్లవాడు ఊరి పేరు అడిగితే తప్పుకుంటాడు. ఇంటి భాషలో తల్లి పిలిస్తే నలుగురిలో పలకడు. లేదా దానికి విరుద్ధంగా, వీధితో పూర్తిగా తెగతెంపులు చేసుకుని తనవాళ్లలోనే ముడుచుకుంటాడు. రెండూ ఒకే భయానికి రెండు ముఖాలు.

పౌరసత్వం ఎవరికివ్వాలన్నది పార్లమెంటు తేల్చవలసిన పెద్ద మాట. సరిహద్దుల భద్రత గురించి అడిగేవారి ప్రశ్నను కొట్టిపారేయలేము. కానీ బడి సంగతి వేరు. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల 'ప్రతి బిడ్డ' అంది, 'ప్రతి పౌరుడు' అనలేదు. వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోకపోవడం కూడా కుదరదంది. ఈ మాట పాటించడానికి కొత్త చట్టం అక్కరలేదు, హెడ్మాస్టరు గారు రిజిస్టరు తెరిస్తే చాలు.

మన పాఠకుల్లో చాలామంది పిల్లలు డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్నారు. 2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు, తాత్కాలిక వీసాలపై ఉన్నవారి పిల్లలకు పుట్టుకతో పౌరసత్వం వద్దని ఉత్తర్వు ఇచ్చినప్పుడు ఎన్ని తెలుగు ఇళ్లలో నిద్ర కరువైందో మనకు తెలుసు. అది కోర్టుకెక్కింది. అప్పుడు మనం అన్నది ఒక్కటే: 'పుట్టిన బిడ్డ ఏం చేశాడు?' ఆ మాట డాలస్‌లో న్యాయమైతే బాలాపూర్‌లో అన్యాయం కాజాలదు.

బార్కస్ మనకు చూపేది ఇదే. తాత ఊరి హరీస్ తింటూ, ఇక్కడి ఉర్దూ మాట్లాడుతూ మనిషి ఈ నేలకు చెందినవాడు కావచ్చు. ఆ రెంటినీ కలుపుకోవడం పిల్లలకు చేతనవును. వాళ్లకు చేతకానిది తలుపు తెరవడం. అది పెద్దల పని.