నాలుగు దాటాకే చూస్తారట!

బడి తెరిచిన రెండో రోజే మా చిన్నాడి డైరీలో ఒక కాగితం మడిచి పెట్టి పంపారు. వాడు ఈ ఏడాది మూడో తరగతికి వచ్చాడు. కొత్త క్లాస్ టీచర్. ఒకటిన్నర పేజీ ఉత్తరం, దాని కింద కత్తిరించి తిరిగి పంపాల్సిన చిన్న చీటీ. మామూలుగా ఇలాంటి కాగితాలు మా ఇంట్లో ఫ్రిజ్ మీదికి ఎక్కి, నెల తిరిగేసరికి పాత పేపర్లలోకి దిగిపోతుంటాయి. ఈసారి మాత్రం స్టవ్ కట్టేసి మరీ రెండుసార్లు చదివాను.

మొదటి పేరా అందరూ రాసేదే. మీ పిల్లలు నా పిల్లలు, కలిసి నడుద్దాం, వగైరా. తర్వాత గేటు ఎన్నింటికి మూస్తారు, స్నాక్స్ బ్రేక్ ఎప్పుడు, మందు సీసాలు బ్యాగులో పెట్టి పంపకుండా చీటీతో సహా ఆఫీసులో ఇవ్వండి, ఇలాంటివి. ఆ తర్వాత వచ్చింది అసలు సంగతి. ఉదయం 8.10 నుంచి పిల్లలు వెళ్లేదాకా తన ఫోన్ స్టాఫ్ రూమ్ డ్రాయర్‌లో ఉంటుందట. మనం పంపిన మెసేజ్‌లు సాయంత్రం 4 దాటాకే చూస్తారట. 5.30 తర్వాత వచ్చినవాటికి మర్నాడే జవాబు. ఆ రోజే తెలియాల్సిన విషయమైతే ఆఫీసు నంబరుకి ఫోన్ చేయండి, అని.

రాత్రికల్లా తల్లుల గ్రూపు అట్టుడికిపోయింది. "ఇది స్వాగతమా, హెచ్చరికా?" అని ఒకావిడ. "ఫీజు కట్టమని మాత్రం ఏ టైములోనైనా మెసేజ్ వస్తుంది" అని ఇంకొకావిడ. "పాత టీచర్ గారైతే రాత్రి పదింటికి అడిగినా చెప్పేవారు" అని మా పై ఫ్లాట్ వదిన. నిజమే, చెప్పేవారు. ఆవిడకి మూడేళ్ల పాప ఉండేది. హిందీ హోంవర్క్ ఎన్నో పేజీ అని మనం అడుగుతుంటే, ఆ పాపని ఆ టైములో ఎవరు నిద్రపుచ్చారో మనలో ఒక్కరం అడగలేదు.

అందరికీ కోపం తెప్పించిన ఆ నాలుగు వాక్యాలే ఈ ఉత్తరంలో పనికొచ్చేవి అంటాను నేను. ఎందుకంటే నిరుడు మా పాత టీచర్ గారు ఇలాంటి ఉత్తరం ఏదీ ఇవ్వలేదు. దాని ఫలితం నేను అనుభవించాను. నాకంటే ఎక్కువ మా వాడు అనుభవించాడు.

నవంబరులో ఒక మధ్యాహ్నం మా అత్తయ్యగారు కళ్లు తిరిగి పడిపోయారు. మావారు ఊళ్లో లేరు. ఆవిణ్ణి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. బడి వదిలేది 3.20కి. నేను అందుకోలేనని అర్థమైపోయి, 2.10కి స్కానింగ్ గది బయట నిలబడి టీచర్ గారికి వాట్సాప్ పెట్టాను, ఇవాళ మా మరిది వస్తాడు, బాబుని ఆయనతో పంపండి అని. రెండు టిక్కులు పడ్డాయి. హమ్మయ్య అనుకుని ఫోన్ సైలెంట్‌లో పెట్టి బ్యాగులో వేసేశాను. రెండు టిక్కులంటే మెసేజ్ ఆవిడ ఫోన్‌కి చేరిందని మాత్రమే. ఆవిడకి చేరిందని కాదు. ఆ ఫోనేమో డ్రాయర్‌లో ఉంది, ఆవిడేమో క్లాసులో ఉన్నారు.

మా మరిది గేటు దగ్గరికి వెళ్తే వాచ్‌మన్ పిల్లాణ్ణి తీసుకెళ్లే కార్డు అడిగాడు. ఆ కార్డు నా బ్యాగులో, నాతోపాటు ఆసుపత్రిలో ఉంది. మరిది నాకు ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు. లోపలి నుంచి మా వాడు "బాబాయ్, బాబాయ్" అని ఏడుస్తుంటే కూడా వాచ్‌మన్ కదల్లేదట. 4.20కి నేను ఫోన్ చూసుకునేదాకా ఇద్దరూ గేటుకి చెరోపక్కా నిలబడి ఉన్నారు.

మర్నాడు వెళ్లి టీచర్ గారి మీద అరిచాను. ఆవిడ "ఆ టైములో క్లాసులో ఉన్నానండీ" అని ఒక్క మాటే అన్నారు. వాచ్‌మన్ మీదా అరిచాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. పిల్లాడు బాబాయ్ అని పిలిస్తే చాలనుకుంటే, చాక్లెట్ కొనిపెట్టిన ప్రతివాడితోనూ పంపేయాల్సి వస్తుంది కదా. ఆ రోజు తన పని తాను సరిగ్గా చేసింది ఆయన ఒక్కడే.

ఈ కొత్త ఉత్తరంలో ఈ విషయానికే ఒక పేరా కేటాయించారు. పిల్లాణ్ణి తీసుకెళ్లే మనిషి మారితే మధ్యాహ్నం 2 లోపు ఆఫీసుకి ఫోన్ చేయాలి. వచ్చే మనిషి పేరు, వరస చెప్పాలి. ఆఫీసువాళ్లు రిజిస్టర్‌లో రాసుకుని, ఫోన్ పెట్టేసి, ఫారంలో మనం ముందే ఇచ్చిన నంబరుకి వాళ్లే తిరిగి చేస్తారు. అక్కడ మనం అవునంటేనే గేటుకి ఒక చీటీ, క్లాసుకి ఒక చీటీ వెళ్తాయి. వచ్చినవాళ్లు ఆధార్ లాంటి ఫొటో ఉన్న కార్డు చూపించాలి.

తిరిగి ఫోన్ చేయడం ఎందుకు, మనమే కదా చేసింది అని గ్రూపులో ఒకరు విసుక్కున్నారు. ఫోన్లో గొంతు ఎవరిదైనా కావచ్చు, "నేను ఫలానా బాబు వాళ్లమ్మని" అని ఎవరైనా అనొచ్చు. ఫారంలో ఉన్న నంబరు మాత్రం మనది. నన్నడిగితే ఆ ఉత్తరం మొత్తంలో బాగా ఆలోచించి పెట్టిన మెట్టు అదే.

కాకపోతే ఇక్కడ మన వైపు నుంచి ఒక పని ఉంది. ఆ ఫారంలో మొదటి నంబరు ఎవరిది? మా ఇంట్లో అలవాటు ప్రకారం మావారిది. ఆయన పనిచేసే చోట షాపులోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, భోజనం టైములో తప్ప దొరకరు. అంటే ఆఫీసువాళ్లు తిరిగి చేసే ఫోన్ ఏ లాకర్‌లోనో మోగి ఊరుకుంటుంది. అందుకని ఈసారి నా నంబరు మొదట, ఎదురింటి పిన్నిగారిది రెండోది, మావారిది మూడోది రాయించాను. "నన్ను మూడోవాణ్ణి చేశావా" అని ఆయన కాసేపు ముఖం మాడ్చుకున్నారు. ఇంటి పెద్ద ఎవరని కాదు కదా అడిగింది, ఫోన్ ఎత్తేదెవరని.

ఇంకో పని కూడా చేశాను. సోమవారం 1.45కి ఊరికే ఆ ఆఫీసు నంబరుకి ఫోన్ చేసి చూశాను. రెండుసార్లు పూర్తిగా మోగింది, ఎవరూ ఎత్తలేదు. టీచర్ గారి ఉత్తరంలో నాకు కనిపించిన లోటు ఇదే. "ఆఫీసుకి చేయండి" అన్నారుగానీ అక్కడ ఎవరు ఎత్తుతారో రాయలేదు. ఎత్తే ఆయన భోజనానికి వెళ్లేదీ, మనం అవసరంగా ఫోన్ చేసేదీ ఒకే టైము. ఈ సంగతి డైరీలో మర్యాదగానే రాసి పంపాను. మర్నాడు ఎర్ర పెన్నుతో జవాబొచ్చింది. 1.15 నుంచి 2 దాకా రిసెప్షన్ సెల్‌కి చేయమని, కింద ఆ నంబరు. దాన్ని గ్రూపులో పెడితే, అప్పటిదాకా తిట్టినవాళ్లే ముందు సేవ్ చేసుకున్నారు.

డైరీ అంటే గుర్తొచ్చింది. "రోజూ రాత్రి డైరీ చూసి సంతకం పెట్టండి" అని ఉత్తరంలో ఉంది. ఇది ప్రతి ఏడూ వినే మాటే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకునేదాన్ని కాదు. నిరుడు ఆదివారం పూట పిల్లల యూనిఫాం ఇస్త్రీ చేస్తూ, మధ్యలో ఆరు రోజుల సంతకాలూ ఒకేసారి గీకేసేదాన్ని. మీలో ఎంతమంది అలా చేస్తారో నాకు తెలుసు, చేతులెత్తక్కర్లేదు.

ఆగస్టులో ఒక మంగళవారం పేజీలో పాత టీచర్ గారు రాశారు, బోర్డు మీదవి పక్కవాడి పుస్తకంలో చూసి రాసుకుంటున్నాడు, కళ్లు ఒకసారి చూపించండి అని. దాని కిందే నా సంతకం ఉంది. చదవకుండా పెట్టిన సంతకం. ఆవిడ నేను చూశాననే అనుకున్నారు, సంతకం పెట్టాను మరి. మూడు వారాల తర్వాత పేరెంట్స్ మీటింగ్‌లో "కళ్లు చూపించారా?" అని అడిగితే తెల్లముఖం వేశాను. ఆ మూడు వారాలూ నోట్స్ సగం సగం రాసుకొస్తున్నాడని నేను వాణ్ణి రోజూ తిడుతూనే ఉన్నాను. డాక్టరు పరీక్ష చేసి రెండు కళ్లకీ మైనస్ ఒకటిన్నర అన్నారు. కళ్లజోడు పెట్టుకుని బయటికొచ్చి, రోడ్డవతల షాపు బోర్డు గబగబా చదివేశాడు వాడు.

ఫోన్ ఎత్తరని, మెసేజ్ చూడరని టీచర్ల మీద మనకి బోలెడు ఫిర్యాదులు ఉన్నాయి. ఆవిడ రాసిన ఒక్క వాక్యాన్ని మూడు వారాలు చూడనిది నేను. ఇప్పుడు డైరీ చూసే పని రాత్రి అన్నాలు తినగానే పెట్టుకున్నాను, కంచాలు తీయకముందే.

ఒక్క విషయంలో మాత్రం టీచర్ గారితో నాకు పేచీ ఉంది. ఉత్తరం మొత్తం ఇంగ్లీషులోనే ఉంది. మా వీధి చివర బ్లౌజులు కుట్టే అమ్మాయి కొడుకు కూడా అదే క్లాసు. ఆ అమ్మాయి కాగితం పట్టుకొచ్చి "అక్కా, ఫోన్ చేయొద్దంటున్నారా మేడమ్?" అని అడిగింది. తనకి అందింది అంతే. వాళ్ల పిల్లాణ్ణి రోజూ తీసుకొచ్చేది తాతగారు, ఆయన దగ్గర ఫోన్ లేదు. అంటే ఆ పేరా అందరికంటే ఎక్కువ అవసరం ఆ ఇంటికే. పేజీ వెనక సగం ఖాళీగానే ఉంది, అక్కడ తెలుగులో రాస్తే సరిపోయేది. నేనే పేజీ వెనక పెన్నుతో ఐదు లైన్లు రాసిచ్చాను. తాతగారి జేబులో పెట్టమని కార్డు సంగతి కూడా చెప్పాను. వచ్చే మీటింగ్‌లో ఈ మాట అడగబోతున్నాను. మీ బడిలోనూ ఇంతే అయితే మీరూ అడగండి.

ఇక ఆ చివరి చీటీ. "మీ బిడ్డ గురించి నేను తెలుసుకోవాల్సింది ఒక్కటి రాయండి" అని ఉంది. లెక్కల్లో వీక్ అని రాయబోయాను. చేతిరాత గురించి రాయమన్నారు మావారు. ఇద్దరం వాదించుకుని, చివరికి వాణ్ణే అడిగాం. వాడు తలొంచుకుని, బాత్రూమ్‌కి వెళ్తానని అందరి ముందూ అడగాలంటే సిగ్గని, అందుకే బడిలో నీళ్లు తాగనని చెప్పాడు. రెండేళ్లుగా వాటర్ బాటిల్ నిండుగా తిరిగొస్తుంటే, మర్చిపోతున్నాడనే అనుకున్నాను నేను. అదే రాసి పంపాను.

గురువారం డైరీలో ఒక్క లైను ఉంది. చిటికెన వేలు చూపించి వెళ్లిపొమ్మని, నోటితో అడగక్కర్లేదని క్లాసులో పిల్లలందరికీ చెప్పారట. ఆ సాయంత్రం బాటిల్ ఖాళీగా వచ్చింది.