నిద్ర చుక్కల సీసాలో రెండు మొక్కలు

సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో కట్టలుగా అమ్మే తమలపాకు, చారులో వేసే మిరియం, పిప్పలి: మూడూ పైపర్ జాతి మొక్కలే. ఫిజీ, వనువాటు దీవుల్లో పెరిగే కావా కూడా అదే జాతి. దాని వేరుపొడిని నీళ్లలో పిసికి, వడగట్టి, కొబ్బరి చిప్పతో తాగుతారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా చెరకు తోటల కూలీకి ఫిజీ వెళ్లిన మన తెలుగువాళ్లకూ ఆ పానీయం అలవాటైంది.

మన ఊళ్లో అది ఈ రూపంలో కనిపించదు. హోమియో మందుల దుకాణంలో చిన్న సీసా మీద ‘పైపర్ మెథిస్టికం’ అని ఉంటుంది. అదే కావా. పక్కన ఉండే ‘ప్యాసిఫ్లోరా ఇన్‌కార్నేటా’ మన పెరళ్లలో పూసే కౌరవ పాండవుల పువ్వు జాతిది. ఆందోళనకు, నిద్రకు రెండింటినీ అడిగి కొనుక్కుంటారు. సీసా మీద Q అని ఉంటే అది మదర్ టింక్చర్, అంటే మద్యసారంలో తీసిన మొక్కసారం. 30, 200 అని ఉన్న పలుచని పొటెన్సీల్లో మొక్క దాదాపు ఉండదు. నేను చెప్పేది Q సీసాల గురించి, ఆన్‌లైన్‌లో తెప్పించుకునే కావా క్యాప్సూళ్ల గురించి.

ఈ రెండు మొక్కలనూ ఒకే గాటన కట్టకూడదు. ప్యాసిఫ్లోరా కాలేయాన్ని దెబ్బతీస్తుందనడానికి ఆధారాలు లేవు. దానితో వచ్చే చిక్కు మగత. కావా సంగతి వేరు.

2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన స్విట్జర్లాండ్ కేసు చూడండి. ఆయనకు 50 ఏళ్లు, మద్యం అలవాటు లేదు, వేరే మందులు వాడడం లేదు. ఆందోళన తగ్గడానికి రెండు నెలలపాటు రోజుకు మూడు, నాలుగు కావా క్యాప్సూళ్లు వేసుకున్నారు. పెట్టె మీద రాసిన మోతాదు మూడు. అంటే పెద్దగా మీరింది లేదు. నెలరోజులుగా నీరసం, ముదురు రంగు మూత్రం, ఆ తర్వాత కామెర్లు. కాలేయ ఎంజైములు మామూలు కంటే అరవై, డెబ్బై రెట్లు పెరిగాయి. ఆసుపత్రిలో చేరాక స్పృహ తప్పడంతో కాలేయ మార్పిడి చేయాల్సి వచ్చింది. ఇలాంటివి మరికొన్ని బయటపడ్డాక 2002లో జర్మనీ కావా మందుల అనుమతి రద్దు చేసింది, అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది.

ఫిజీలో రోజూ తాగేవాళ్లకు ఏమీ కాలేదు కదా అని వాదించేవారున్నారు. జర్మన్ కోర్టు కూడా 2014లో ఆ రద్దును తప్పుపట్టింది, 2019లో మళ్లీ అనుమతులు పోయాయి. నా అభిప్రాయంలో ఈ వాదన మన వాడకందారుకు ఊరటనిచ్చేది కాదు. కాలేయం చెడిపోవడం అరుదే. కానీ ఎవరికి చెడుతుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు. వేరుకు బదులు కాండం తొక్క కలవడం, బూజు, మద్యసారంతో సారం తీయడం, జన్యువులు అని కారణాలు చాలా చెబుతారు, ఏదీ తేలలేదు. ఇక ఫలితమా? ఆస్ట్రేలియాలో 16 వారాలు జరిపి 2020లో ప్రచురించిన ప్రయోగంలో, సాధారణీకృత ఆందోళన రుగ్మతకు కావా ఉత్తుత్తి మాత్రను మించి పనిచేయలేదు. పైగా కాలేయ పరీక్షల్లో తేడాలు కావా వాడినవాళ్లలోనే ఎక్కువ కనిపించాయి.

మద్యం దగ్గర పొరపాటు మరీ సులువుగా జరుగుతుంది. టింక్చర్‌లో మద్యసారం సగం ఉందనుకుందాం. అరవై చుక్కలు మూడు మిల్లీలీటర్లయినా లోపలికి వెళ్లేది ఒకటిన్నర మిల్లీలీటరే, 30 మిల్లీలీటర్ల పెగ్గులో దాదాపు 13. కాబట్టి మామూలు మనిషికి చుక్కల్లోని మద్యం పెద్ద లెక్కలోకి రాదు. కానీ తాగుడు మానడానికి డైసల్ఫిరాం మాత్రలు వాడేవారికి అంత కొంచెం కూడా చాలు, మొహం ఎర్రబారి గుండెదడ మొదలవడానికి. అసలు ప్రమాదం సాయంత్రం పెగ్గు వేసుకుని, నిద్ర రాలేదని రాత్రి చుక్కలు తాగడంలో ఉంది. రెండూ మెదడును మందగింపజేస్తాయి, కాలేయం మీద భారమూ కలుస్తుంది. కావాతో మద్యం కలిస్తే ఏకాగ్రత, చురుకుదనం విడివిడిగా కంటే ఎక్కువ తగ్గుతాయని ప్రయోగంలో తేలింది.

ఇక్కడ మన దగ్గర మరో మెలిక ఉంది. ఆల్ప్రాజోలం మాత్రలు వాడుతూ మూడు రోజులు కావా తీసుకున్న 54 ఏళ్ల అమెరికన్‌ను మత్తులో తూలుతుండగా ఆసుపత్రిలో చేర్చారని 1996లో వైద్యులు రాశారు. తెలంగాణలో కల్తీ కల్లులో కలుపుతూ పట్టుబడుతున్నదీ ఆ ఆల్ప్రాజోలమే. కల్లు తాగిన మనిషికి తన ఒంట్లో అది ఉన్నట్టే తెలియదు, డాక్టరు అడిగినా చెప్పలేడు.

కావా వాడుతున్నవారికి ఆకలి చచ్చి, ఒళ్లు బడలికగా ఉండి, మూత్రం టీ డికాక్షన్ రంగుకు మారితే కళ్లు పచ్చబడేదాకా ఆగకూడదు. సీసా ఆపి, అదే రోజు ఎల్‌ఎఫ్‌టీ చేయించుకోవాలి. రిపోర్టులో ఎస్‌జీపీటీ, బిలిరుబిన్ అంకెలు చూపించేటప్పుడు సీసాను కూడా డాక్టరు బల్ల మీద పెట్టాలి, ఎందుకంటే ‘మందులేమైనా వాడుతున్నారా’ అంటే చాలామంది చుక్కలను మందుల్లో లెక్కేయరు. మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ వ్యవస్థ ఉచిత నంబరు 1800-180-3024.