"కోర్టుకు పంపకుండ్రి సారు" అని మనమే మొక్కుతున్నం

కొంచెం పెద్దగ రాస్తున్న, ఓపికతోటి చదవండి. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కిన మొదటోన్ని నేనే కాబట్టి, ఎవరికి కాగితం వచ్చినా, స్టేషన్ నుంచి ఫోన్ వచ్చినా హాస్టల్‌ల ఉన్న నాకే చెప్తరు. అట్ల వచ్చిన ఒక ఫోన్ గురించే ఈ పోస్టు.

మా చిన్నమ్మ వాళ్ల తండాల మా తమ్ముడు ఒకడున్నడు, ట్రాక్టర్ నడుపుతడు. ఊరి పేరు, స్టేషన్ పేరు ఇక్కడ రాయను. ఒక శనివారం సాయంత్రం 6 గంటలకు బస్టాండు కాడ ఇద్దరు కానిస్టేబుళ్లు బండి మీద ఎక్కించుకొని పోయిండ్రు. ఎవరిదో బాయి మోటారు పోయిందట, వీని మీద అనుమానం. రాత్రి మా కాక పోతే "ఎస్సై సారు రానీ, చూద్దాం" అన్నరు. ఆదివారం గడిచింది. సోమవారం తండా పెద్దమనిషి ఒకాయన మా కాకను పక్కకు పిలిచి చెప్పిన మాట ఇది: "కోర్టుకు పోతే జైలే. ఇక్కడ్నే ఏదన్న మాట్లాడుకుందాం. కోర్టుకు పంపొద్దని సారుకు మొక్కు."

మా కాక మొక్కిండు. నాకు ఫోన్ చేస్తే నేను కూడ "అవు కాక, కోర్టు వద్దు" అన్న. తప్పు చేసిన అని ఇప్పుడు ఒప్పుకుంటున్న.

మంగళవారం మధ్యాహ్నం 3 గంటలకు మేజిస్ట్రేట్ ముందర పెట్టిండ్రు. రిమాండ్ రిపోర్టుల ఏమున్నదంటే, మంగళవారం పొద్దున 7 గంటలకు వాహనాల తనిఖీల దొరికిండని. కాగితం లెక్కల 8 గంటలు. అసలు లెక్కల 69 గంటలు. ఆ నడుమ రెండు రోజులు, మూడు రాత్రులు వాడు ఎక్కడున్నట్టు? చట్టం లెక్కల వాడు ఇంట్లనే పండుకున్నట్టు!

మనోళ్లకు అర్థం కానిది, నాకూ అప్పుడు తెల్వనిది ఇదే. అరెస్టు చేసే అధికారం పోలీసులకు ఉంది. కానీ 24 గంటలు దాటి మనిషిని లోపల ఉంచే అధికారం వాళ్లకు లేదు, అది మేజిస్ట్రేట్ చేతిల ఉంటది. రాజ్యాంగం 22వ అధికరణంల రెండో భాగం ఈ మాటే చెప్తది. 1949 సెప్టెంబర్‌ల అంబేద్కర్ దీన్ని రాజ్యాంగ సభ ముందు పెట్టిండు. ఇప్పటి చట్టం బీఎన్ఎస్ఎస్‌ల అయితే 58వ సెక్షన్. అరెస్టు చేసిన చోటి నుంచి కోర్టుకు ప్రయాణం పట్టే టైమ్ మాత్రం ఇందుల లెక్కకు రాదు. మా ముత్యంపేటల పట్టుకొని మెట్‌పల్లి కోర్టుకు తీస్కపోతే ఆ ప్రయాణం ఎంత, ఆటోల పోయేంత దూరం. అది చెప్పి ఒక రాత్రి కూడ ఆపలేరు. ఇంకోటి, 24 గంటలు వాళ్లకు ఇచ్చిన కోటా కాదు. అది ఆఖరి గీత. పని రెండు గంటల్ల అయిపోతే రెండు గంటలకే పంపాలె.

"ఆదివారం కోర్టు బంద్ కదా" అని మా కాకకు స్టేషన్ల చెప్పిండ్రట. అది సాకు. సెలవు రోజున ఇన్‌చార్జి మేజిస్ట్రేట్ ఉంటరు, వాళ్లింటికి తీస్కపోయి హాజరు పెడతరు. ఆ కేసు విచారించే మేజిస్ట్రేటే కావాలని కూడ లేదు, దగ్గర్ల ఉన్న మేజిస్ట్రేట్ చాలు.

మరి ఆ 24 గంటలు ఎప్పటి నుంచి మొదలైతయి? మొత్తం ఆట ఇక్కడ్నే ఉంది. పట్టుకున్న గంట వేరు, కాగితంల రాసిన గంట వేరు. 2024ల మన తెలంగాణ హైకోర్టు, జస్టిస్ పి. శామ్ కోశీ, జస్టిస్ ఎన్. తుకారాంజీల బెంచి, ఈ సంగతి తేల్చింది. పోలీసులు రికార్డుల అరెస్టు అని రాసుకున్న టైమ్ కాదు, మనిషిని అదుపులకు తీసుకొని వాని ఇష్టం వచ్చినట్టు పోనియ్యకుండ ఆపిన టైమ్ నుంచే లెక్క అని చెప్పింది. అంటే మా తమ్ముని గడియారం శనివారం సాయంత్రం 6 గంటలకే మొదలైంది. ఆదివారం సాయంత్రం 6 లోపట వాడు మేజిస్ట్రేట్ ముందర ఉండాలె. కానీ శనివారం 6 గంటలకు పట్టుకున్నరని చూపించే ఒక్క కాగితం ముక్క గూడ మా దగ్గర లేకపోయె. తీర్పు ఉండి ఏం లాభం, రుజువు లేకపోతే?

ఇప్పుడు ఆ మంగళవారం కోర్టుల ఏమైందో చెప్త. మేం బయట వరండాల నిలవడ్డం. లోపల మొత్తం కలిపి ఐదు నిమిషాలు గూడ పట్టలే. మేజిస్ట్రేట్ పేరు అడిగిండ్రు, తండ్రి పేరు అడిగిండ్రు. "ఎప్పుడు పట్టుకున్నరు? కొట్టిండ్రా? ఏమన్న చెప్పేదుందా?" అని అడిగిండ్రు. వాడు "ఏం లేదు సార్" అన్నడు. వీపు వెనుక జానెడు దూరంల అదే కానిస్టేబుల్ ఉన్నడు. పైగా మావోడు ఇంట్ల లంబాడీ, బయట వచ్చీరాని తెలుగు మాట్లాడేటోడు. కోర్టు తెలుగు వాడు ఎన్నడు విన్నడు? 14 రోజులు జ్యుడీషియల్ రిమాండ్ రాసిండ్రు. బెయిల్ వచ్చేసరికి 11 రోజులు పట్టింది.

ఆ ఐదు నిమిషాల్ల మేజిస్ట్రేట్ చేసేది ఉత్త సంతకం కాదు, చేయాల్సింది చాన ఉంది. అరెస్టుకు కారణం మనిషికి చెప్పిండ్రా, ఇంటోళ్లకు తెలిపిండ్రా, వకీలు ఉన్నడా, ఒంటి మీద దెబ్బలున్నయా అని చూడాలె. అన్నిటికన్న ముఖ్యం, అసలు ఈ మనిషిని లోపల ఉంచే అవసరం ఉందా అని చూడాలె. ఏడేండ్లు లేదా అంతకు తక్కువ శిక్ష పడే కేసుల్ల ఊరికెనే అరెస్టు చేయొద్దు, చేస్తే ఎందుకు చేసిండ్రో కారణాలు రాయాలె, ఆ కారణాలు సరిపోతయా అని మేజిస్ట్రేట్ చూడకుండ రిమాండ్ చేయొద్దు అని సుప్రీంకోర్టు 2014ల అర్నేశ్ కుమార్ కేసుల చెప్పింది. మామూలు దొంగతనానికి శిక్ష మూడేండ్ల దాకనే. మావోన్ని నోటీసు ఇచ్చి పిలిచినా సరిపోయేది. ఈ మాట అక్కడ లేపే మనిషి లేడు, అంతే.

లేపే మనిషిని ఇచ్చే బాధ్యత గూడ ఆ కోర్టుదే. ఇది తెల్వాలంటే భాగల్‌పూర్ సంగతి తెల్వాలె. బీహార్‌ల 1979, 80ల పోలీసులు విచారణ ఖైదీల కండ్లు పొడిచి యాసిడ్ పోసిండ్రు. 1981ల ఖత్రీ కేసుల సుప్రీంకోర్టు రికార్డులు తెప్పించి చూస్తే, వాళ్లల్ల కొందరిని 24 గంటల్ల హాజరు పెట్టనే లేదు. ఆ గాయాలు ఎట్లయినయని మేజిస్ట్రేట్లు అడగనూ లేదు. వకీలు ఎందుకు లేడంటే, వాళ్లు అడగలేదు కాబట్టి ఇయ్యలేదన్నరు. కండ్లు పోయినోడు మేజిస్ట్రేట్ ముందర నిలవడ్డా ప్రశ్న రాలేదు. అందుకే సుప్రీంకోర్టు చెప్పింది, మనిషి అడిగినా అడగకపోయినా, మొదటిసారి హాజరు పెట్టిననాడే ఉచిత వకీలు హక్కు ఉందని మేజిస్ట్రేటే చెప్పాలని, వకీలును ఇయ్యాలని. ఇగ మనకైతే ఎస్టీ అయితే చాలు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద ఆదాయంతోటి సంబంధం లేకుండ ఉచిత వకీలు వస్తడు. సర్కారు ఫోన్ నంబర్ 15100. నేను ఈ నంబర్ మా కాక ఇంటి గోడ మీద బొగ్గుతోటి రాసిన, మా చిన్నమ్మ తిట్టింది, సున్నం వేసిన గోడ పాడు చేసినవని.

కొందరు దోస్తులు నాతోటి వాదం పెట్టుకున్నరు. "కోర్టుల ఎట్లయినా రిమాండే రాస్తరు, స్టేషన్ల రెండు రోజులుంటే కేసే లేకుండ పోతది కదా" అని. మొదటి మాట చాలాసార్లు నిజమే, నేను కాదనను. హాజరు పెట్టినంత మాత్రాన బెయిల్ రాదు. ఆలస్యంగ హాజరు పెట్టిండ్రని తేలినా కేసు కొట్టెయ్యరు, అరెస్టు మాత్రం చెల్లదని అడగొచ్చు. మేజిస్ట్రేట్ ఒకసారి రిమాండ్ రాసినంక హెబియస్ కార్పస్ గూడ కష్టమైతది. కానీ రెండో మాట తప్పు. కాగితం లేని రెండు రోజులే అన్నిటికన్న ప్రమాదం. జైల్ల మనిషికి నంబర్ ఉంటది, లోపలికి పోయే ముందు డాక్టర్ చూస్తడు, ములాఖత్ ఉంటది. కాగితం లేకుండ స్టేషన్ల ఉన్నోడు చట్టం కంటికి అసలు కనవడడు. కొట్టేది ఉంటే అప్పుడే కొడతరు, తెల్ల కాగితం మీద సంతకం తీసుకునేది ఉంటే అప్పుడే తీసుకుంటరు.

పోలీసులే అనుకోకండి, ఫారెస్టు వాళ్లకు గూడ ఇదే 22వ అధికరణం. 2019 జూన్‌ల ఆసిఫాబాద్ జిల్లా కాగజ్‌నగర్ దిక్కు కొలాంగొందిల ఇండ్లు కూలగొట్టి, 67 మంది కొలాం ఆదివాసులను, పిల్లాజెల్లాతోటి, వేంపల్లి కలప డిపోల పెట్టిండ్రు. మేజిస్ట్రేట్ లేడు, రిమాండ్ లేదు. హైకోర్టుల హెబియస్ కార్పస్ వేస్తే, ఆదివారం నాడు వాళ్లను బస్సుల హైదరాబాద్ తెచ్చి యాక్టింగ్ చీఫ్ జస్టిస్ ఇంటి కాడ హాజరు పెట్టాల్సి వచ్చింది. వాళ్లు అక్కడ వాళ్ల నోటితోటి చెప్పుకున్నరు. మేజిస్ట్రేట్ దాక పోనియ్యని మనుషులను ఆఖరికి హైకోర్టు తన ముందరికి పిలిపించుకుంది.

కాబట్టి నా అభిప్రాయం ఒక్కటే. మన తండాల్ల, గూడేల్ల మనిషిని పట్టుకపోయిన మొదటి గంటల పెద్దమనిషి కోసం ఉరుకుడు బంద్ చేయాలె. ఆ గంటను రికార్డు ఎక్కించుడు మొదటి పని. మావోని విషయంల నేను ఇప్పుడు చేసేదుంటే ఇట్ల చేస్త: శనివారం 6 గంటల పది నిమిషాలకే 100కు గానీ 112కు గానీ ఫోన్ కొట్టి "ఫలానా మనిషిని ఫలానా చోట ఇప్పుడే తీస్కపోయిండ్రు, ఏ స్టేషనో చెప్పండి" అని అడుగుత. ఆ కాల్ టైమ్ వాళ్ల దగ్గర, నా ఫోన్ల రెండు చోట్ల ఉంటది. అదే మాట ఎస్పీ ఆఫీసుకు మెసేజ్ పెడత. తర్వాత 15100. అరెస్టు మెమో మీద ఇంటి మనిషి గానీ ఊరి మనిషి గానీ సాక్షి సంతకం చేయాలె, అది బీఎన్ఎస్ఎస్ 36ల ఉంది. ఆ సంతకం పక్కన అసలు పట్టుకున్న తారీకు, టైమ్ సొంత చేతితోటి రాయిస్త. రాయనియ్యకపోతే ఆ సంగతే వకీలుకు చెప్త.

కోర్టుల మనోడు చెప్పాల్సింది ముందే ఇంట్ల నేర్పిచ్చుకోవాలె. పట్టుకున్న రోజు, గంట, చోటు. దెబ్బ ఉంటే చొక్కా లేపి చూపించాలె. "సార్, స్టేషన్ల సీసీ కెమెరా ఉంది, శనివారం ఫుటేజీ ఆపి ఉంచమనండి" అనాలె. ఎందుకంటే అన్ని స్టేషన్ల కెమెరాలు పెట్టాలని, రికార్డింగ్ దాచి ఉంచాలని 2020ల సుప్రీంకోర్టు పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసుల చెప్పింది. తెలుగు రాకపోతే "నాకు లంబాడీల చెప్పేటోడు కావాలె" అనొచ్చు, గోండి, కొలామి ఎవరిది వాళ్లు. సిగ్గు పడొద్దు. పోలీస్ కస్టడీ అడుగుతుంటే మొదటిసారి మనిషిని స్వయంగ మేజిస్ట్రేట్ ముందర నిలబెట్టాలె, వీడియోల కుదరదు. కాబట్టి ఆ ఐదు నిమిషాలు మనోనికి దొరుకుతయి.

మావోడు మొన్న హాస్టల్‌కు వచ్చిండు. "మల్ల అడిగితే చెప్తవా?" అన్న. చాన సేపు ఏం అనలే. తర్వాత "వెనుక ఉన్నోన్ని బయటికి పంపితే చెప్త" అన్నడు. వకీలును అడిగిన నేను. ఆ మాట మేజిస్ట్రేట్‌ను అడగొచ్చట, "పోలీసులను కొంచెం దూరం పంపండి సార్" అని.

మీ దిక్కు ఎవరికన్న ఇట్ల జరిగి ఉంటే, పట్టుకున్న టైమ్, హాజరు పెట్టిన టైమ్ రెండూ కింద రాయండి. పేర్లు వద్దు.