గుండెనొప్పికి ఫ్రెంచిలో సరైన మాట

ఫ్రాన్సుకు ప్రయాణమయ్యే మన కుటుంబాలు ముందుగా గుర్తించవలసిన చిక్కు ఒకటుంది. ‘గుండెలో నొప్పి’ అనే మాటను పదానికి పదం ఫ్రెంచిలోకి మారిస్తే ‘మల్ ఓ కర్’ అవుతుంది. కాని అక్కడి వాడుకలో సాధారణంగా ఆ మాటకు అర్థం వికారం, వాంతి వచ్చేటట్లుండటం.

పారిస్‌లో అబ్బాజాన్‌కు ఛాతీ బరువెక్కి, నొప్పి ఎడమచేతికి పాకిందనుకుందాం. పచ్చని ప్లస్ గుర్తుగల మందుల దుకాణానికి పరుగెత్తి మనం ‘మల్ ఓ కర్’ అంటే, ఆయనకు కడుపులో తిప్పుతోందని వారు భావించవచ్చు. ప్రాణాలు నిలిపే సమయం అక్కడే జారిపోతుంది.

ఛాతీని ‘ప్వత్రీన్’ అంటారు. ‘ఇల్ అ మల్ అ ల ప్వత్రీన్’ అంటే ‘ఆయనకు ఛాతీలో నొప్పిగా ఉంది’ అని. బిగబట్టినట్లుంటే ‘స సేర్’ అనాలి. ‘బ్ర గోష్’ అంటే ఎడమచేయి. పలుకుబడి తడబడినా తెలిసేటట్లు, చెబుతూనే ఆ చోటును చేతితో చూపాలి.

అసలు ఇటువంటి నొప్పికి దుకాణం దాకా వెళ్ళరాదు. రోగిని కూర్చోబెట్టి, అత్యవసర వైద్యసేవకు 15 గాని, 112 గాని నొక్కి ఈ మాటలే చెప్పాలి. బస్సులో పిల్లలకు వికారం కలిగినప్పుడు మాత్రం ‘మల్ ఓ కర్’ అన్నదే సరైన మాట.