ఇంటి అప్పుకు రోజుకు ఐదు వేలు, చేను అప్పుకు సున్నా

అప్పు తీరిన 30 రోజుల్లో ఆస్తి కాగితాలు తిరిగి ఇవ్వకపోతే బ్యాంకు రోజుకు రూ.5,000 కట్టాలి. 2023 సెప్టెంబరు 13న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఈ ఆదేశం అప్పు తీసుకున్న ప్రతివాడికీ రక్ష అని రాసినవాళ్లంతా దాని శీర్షికను సగమే చదివారు. అందులో ‘వ్యక్తిగత రుణాలు’ అని స్పష్టంగా ఉంది. ఇల్లు, చదువు, సొంత అవసరాల అప్పులు ఆ లెక్కలోకి వస్తాయి. సాగు అప్పు రాదు, వ్యాపారం అప్పూ రాదు. మిర్చి, పత్తి మీద బతికే పల్నాడులో కాగితాలు బ్యాంకులో పెట్టేది ఎక్కువగా ఎందుకో మనకు తెలియదా? ఆ రైతుకు ఈ ఆదేశం కింద దక్కేది సున్నా.

కాగితాలు పెట్టడం ఎంత తేలికో చూడండి. ఆస్తి బదిలీ చట్టం 58(ఎఫ్) ప్రకారం ఈక్విటబుల్ మార్ట్‌గేజ్‌కు మూడే కావాలి: అప్పు, హక్కు పత్రాల అప్పగింత, అవి హామీగా ఉండాలన్న ఉద్దేశం. చేను రెంటచింతలలో ఉన్నా ఫర్వాలేదు, కాగితాలు అప్పగించే ఊరు మాత్రం ప్రభుత్వం నోటిఫై చేసినదై ఉండాలి. రైతు అసలు దస్తావేజు, లింకు దస్తావేజులు మేనేజరు చేతికిస్తాడు. ‘ఫలానా రోజున ఇచ్చాను’ అని బ్యాంకు తరవాత ఒక మెమోరాండం రాసుకుంటుంది. అది జరిగిపోయినదాన్ని నమోదు చేసే కాగితమైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఒప్పందమే అందులో ఉంటే మాత్రం రిజిస్ట్రేషన్ తప్పదు.

విడిపించుకోవడం అంత తేలిక కాదు. అసలు కాగితాలు చేతికి రావడం మొదటి మెట్టు మాత్రమే. తాకట్టు రిజిస్టరై ఉంటే, అప్పు తీరిందని బ్యాంకు సంతకం చేసిన దస్తావేజును కూడా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాలి. లేదంటే ఈసీలో తాకట్టు ఎంట్రీ ఉంటుంది, విడుదల ఎంట్రీ ఉండదు. కొనేవాడు అక్కడే వెనక్కి తగ్గుతాడు. సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో తాకట్టు నమోదై ఉంటే, అప్పు తీరిన సంగతి 30 రోజుల్లో అక్కడా తెలపాల్సింది బ్యాంకే.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. గురజాల రైతు ఒకరికి నరసరావుపేటలో ఇంటి అప్పు, ఊళ్లో చేను మీద సాగు అప్పు ఉన్నాయనుకోండి. రెండూ ఒకే రోజున తీర్చాడు. రెంటి కాగితాలూ బ్యాంకు నూరో రోజున ఇచ్చింది. ఇంటి కాగితాలకు 30 పోగా 70 రోజుల ఆలస్యం, అంటే రూ.3.5 లక్షలు. చేను కాగితాలకు సున్నా. పోనీ, కాగితాలే పోయాయనుకుందాం. ఇంటివైతే బ్యాంకుకు మరో 30 రోజుల గడువుంటుంది, నకళ్ల ఖర్చు బ్యాంకే భరించాలి, 60 రోజులు దాటాక మళ్లీ రోజుకు ఐదు వేల లెక్క మొదలవుతుంది. చేను కాగితాలు పోతే ఆ ఆదేశంలో ఒక్క ముక్క లేదు. అదే రైతు, అదే బ్యాంకు, అదే బీరువా. ఒకదానికి ఐదు వేలు, రెండోదానికి సున్నా.

పంట రుణం ఏటా తిరగరాసేది, ఎప్పుడు ముగిసిందో తేల్చడం కష్టమని బ్యాంకర్ల వాదన. తిరగరాస్తున్నంత కాలం అది నిజమే. కానీ రైతు పైసాతో సహా కట్టి ఖాతా మూసేశాక, బాకీ లేదని సర్టిఫికెట్ మీద బ్యాంకు వేసే తేదీ ఏమిటి? ఆ తేదీనుంచి రోజులు లెక్కపెట్టడానికి అడ్డేమిటి?

రైతుకు అసలు హక్కే లేదనడమూ తప్పే. 1882 నాటి అదే చట్టంలోని 60వ సెక్షన్ ఇంటికీ చేనుకూ తేడా చూపలేదు. బాకీ కట్టినవాడికి తన దగ్గరున్న పత్రాలన్నీ ఇవ్వాలి, తాకట్టు రిజిస్టరై ఉంటే హక్కు రద్దయిందని రిజిస్టరు రసీదూ రాసివ్వాలి అని తాకట్టు పట్టినవాడికి విధించింది. కొరత హక్కులో లేదు, గడువులోనూ జరిమానాలోనూ ఉంది. గడువు లేని హక్కు కోసం రైతు కోర్టు మెట్లెక్కాలి. గడువూ జరిమానా ఉన్నచోట బ్యాంకే భయపడుతుంది. ఆ భయం ఉద్యోగి ఇంటి అప్పు దగ్గర ఉంటే చాలు, రైతు చేను దగ్గర అక్కర్లేదని నిర్ణయించిందెవరు?

రైతు ఇప్పుడు చేయగలిగింది ఒకటుంది. ఆఖరి వాయిదా కట్టిన రోజునే, ఇచ్చిన కాగితాల జాబితాతో అర్జీ పెట్టి బ్యాంకు ముద్రతో రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయండి. అయితే రిజర్వు బ్యాంకు చేయాల్సిన పని రైతు అర్జీలతో తీరదు. 2023 ఆదేశంలోంచి ‘వ్యక్తిగత’ అన్న మాట కొట్టేయాలి. అది చేయనంతకాలం బాకీ తీర్చిన రైతు బ్యాంకు దయ మీదే ఆధారపడాలి, ఆ దయకు రిజర్వు బ్యాంకే అండగా నిలిచినట్టు లెక్క.