మెట్లు దిగడానికి ఏ కళ్లజోడు?

ఈ వేసవి సంచిక మీ చేతికి అందేసరికి చాలా ఇళ్లలో అమ్మానాన్నలకో అత్తమామలకో టికెట్లు బుక్ అయిపోయి ఉంటాయి. మందుల చీటీలు, వీల్‌చెయిర్ అసిస్టెన్స్, విజిటర్ ఇన్సూరెన్స్, ఆవకాయకు లీకు కాని డబ్బా అంటూ జాబితా పెద్దగానే రాసుకుంటాం. అందులో కళ్లజోడు మాత్రం ఉండదు. జోడు ఉంది కదా, పెట్టుకునే వస్తారు కదా అని ధీమా. ఆ పెట్టుకుని వచ్చే జోడు గురించే ఈసారి సంపాదకీయం.

చత్వారం వచ్చినవాళ్లలో చాలామంది వాడేది బైఫోకల్, లేకపోతే ప్రోగ్రెసివ్. అద్దం పైభాగం దూరానికి, కిందిభాగం చదువుకు. కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ మధ్యమధ్యలో టీవీ చూసేవాళ్లకు ఇంతకన్నా సుఖమైన ఏర్పాటు లేదు. చిక్కంతా నడకలోనే. కాళ్ల ముందున్న నేల కనిపించేది ఆ చదువు అద్దంలోంచే.

లెక్క కట్టి చూద్దాం. తెనాలిలో మెట్లు లేని ఇంట్లో ఉండే డెబ్భై రెండేళ్ల అమ్మ డాలస్ శివార్లలో కొడుకు ఇంటికి వచ్చిందనుకోండి. ఆమెది ప్రోగ్రెసివ్ జోడు, చదువుకు అదనంగా కలిపిన పవరు 2.50. వందను రెండున్నరతో భాగిస్తే నలభై. అంటే ఆ కిందిభాగంలోంచి నలభై సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే స్పష్టంగా కనిపిస్తుంది. పొద్దున్నే మేడ మీద గదిలోంచి కాఫీకి కిందికి దిగుతోంది. ఐదడుగుల మనిషి కాబట్టి ఆమె కంటికీ, కాలు పెట్టబోయే మెట్టుకూ మధ్య నూట అరవై సెంటీమీటర్లు ఉంటుంది. అంత దూరం చూడటానికి అదనంగా కావలసిన పవరు 0.6 మాత్రమే. అద్దం ఇస్తున్నది 2.50. దాదాపు రెండు పవర్ల తేడాతో ఆ మెట్టు అలుక్కుపోయి కనిపిస్తుంది. ఆ వయసులో కంటి లోపలి కటకం గట్టిపడిపోయి ఉంటుంది, కాబట్టి కన్ను తనంతట తాను సర్దుకుని ఆ తేడాను పూడ్చలేదు.

దూరపు చూపు బాగున్నవాళ్లు దీన్ని స్వయంగా చూడొచ్చు. మందుల షాపులో దొరికే ప్లస్ రెండు రీడింగ్ గ్లాసులు పెట్టుకుని, కుర్చీలోంచి లేవకుండా, ఎదురుగా ఉన్న మెట్ల వైపు చూడండి. మెట్లున్నాయని తెలుస్తుంది. ఒక మెట్టు ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలవుతుందో మాత్రం తెలియదు. దిగేవాళ్లకు కావలసింది సరిగ్గా ఆ గీతే.

అమ్మ గడ్డాన్ని ఛాతీకి ఆనించి తల బాగా వంచితే అద్దం పైభాగంలోంచి మెట్టు కనిపిస్తుంది. కొందరు తెలియకుండానే అలా దిగుతారు. అయితే తల అంతగా వంచితే తూలే ప్రమాదం పెరుగుతుంది, పైగా రెండు మెట్ల అవతల ఏముందో కనిపించదు. ఎక్కువమంది అసలు వంచరు, అలవాటు మీద కాలు వేసేస్తారు. సొంత ఇంట్లో అలవాటు కాపాడుతుంది. కొత్త ఇంట్లో ఆ అలవాటు ఇంకా ఏర్పడలేదు.

ఇది ఊహ కాదు. సిడ్నీలో స్టీఫెన్ లార్డ్ బృందం 63 నుంచి 90 ఏళ్ల మధ్య వయసున్న 156 మందిని ఏడాదిపాటు గమనించి 2002లో ఫలితాలు ప్రచురించింది. ఇలాంటి జోళ్లు వాడేవాళ్లు పడిపోయే అవకాశం వాడనివాళ్లకన్నా రెండింతల పైమాటే. అద్దం కిందిభాగంలోంచి చూసినప్పుడు లోతు అంచనా, అంచును గుర్తుపట్టడం రెండూ దెబ్బతిన్నట్టు పరీక్షల్లో తేలింది. అరవై దాటిన ఆడవాళ్లలో ఎముకలు గుల్లబారి ఉండటం మామూలే కాబట్టి, వయసులో ఉన్నవాళ్లకు దెబ్బతో పోయేది వాళ్లకు మణికట్టు విరగడమో తుంటి విరగడమో అవుతుంది. బీపీ మాత్రలు, కాళ్లలో సత్తువ లేకపోవడం లాంటి కారణాలూ ఉంటాయి, కాదనను. చూపు వాటిలో ఒకటే, కానీ మార్చడం తేలికైనది.

అయితే అందరికీ దూరం జోడు కొనిచ్చేస్తే సరిపోతుందా? ఆస్ట్రేలియాలోనే 606 మంది మీద దాన్నీ పరీక్షించారు. నడకకూ బయట తిరగడానికీ దూరపు చూపుకు మాత్రమే పనికొచ్చే జోడు ఇచ్చారు. 2010లో వచ్చిన ఫలితం చిత్రంగా ఉంది. తరచూ బయట తిరిగే వృద్ధుల్లో పడటాలు దాదాపు నలభై శాతం తగ్గాయి. ఎప్పుడో గాని గడప దాటనివాళ్లు బయటికి వెళ్లినప్పుడు పడిపోవడం మాత్రం పెరిగింది. కాబట్టి రోజూ పార్కుకు నడిచివెళ్లే నాన్నకు, గుడికీ షాపింగుకీ తిరిగే అమ్మకు రెండో జోడు చేయించండి. ఎక్కువగా సోఫాకే పరిమితమైనవాళ్లకు జోళ్లు మార్చి మార్చి పెట్టుకునే గొడవ తెచ్చిపెట్టకండి, వాళ్లకు ఇల్లు సరిచేయడం మేలు.

రెండో జోడుతో ఒక ఇబ్బంది ముందే చెప్పాలి. దాంతో ఫోను కనిపించదు, దుకాణంలో ధర చీటీ చదవలేరు. అందుకే నాలుగు రోజులు పెట్టుకుని పక్కన పడేస్తారు. అలాంటివాళ్లకు కొందరు కంటి నిపుణులు మధ్యేమార్గం చెబుతారు. బయటికి పెట్టుకునే జోడులో చదువు పవరును సగానికి దించడం. మన తెనాలి అమ్మకు 1.25 ఇస్తే కిందిభాగంలో స్పష్టత ఎనభై సెంటీమీటర్లకు జరుగుతుంది, మెట్టు దగ్గర తేడా రెండు పవర్ల నుంచి ఒకటిలోపుకు పడిపోతుంది. ధర చీటీని చేయి చాచి చదువుకోవచ్చు.

ఇంకో పొరపాటు మన ప్రేమలోంచి వచ్చేది. అమ్మానాన్నలు దిగిన వారంలోనే ఇక్కడి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, పవరు బాగా మారిందనగానే కొత్త జోడు చేయించి ఆ రోజు నుంచే పెట్టించేస్తాం. ఆస్ట్రేలియాలో డెబ్భై దాటిన 616 మందితో 2007లో వచ్చిన పరిశీలన ఇక్కడ ఆపి ఆలోచించమంటుంది. కళ్లు పరీక్షించి కొత్త అద్దాలు, అవసరమైతే వైద్యం ఇప్పించిన వర్గంలో ఏడాదిలో 65 శాతం మంది పడ్డారు, ఏమీ చేయని వర్గంలో 50 శాతం. పవరు ఒక్కసారిగా ఎక్కువ మారితే నేల దగ్గరైనట్టో దూరమైనట్టో కనిపిస్తుందని, దానికి అలవాటుపడేలోపు పడిపోయి ఉంటారని పరిశోధకుల అనుమానం. కాబట్టి మార్పు ముప్పాతిక పవరు దాటితే విడతలుగా మార్చవచ్చా అని డాక్టరును అడగండి. కొత్త జోడును మొదట కూర్చుని చేసే పనులకే వాడించండి. ఏళ్ల తరబడి బైఫోకల్‌తో హాయిగా ఉన్నవాళ్లను ఫ్యాషనని ప్రోగ్రెసివ్‌కు మార్చకండి.

శుక్లాల ఆపరేషన్ సంగతీ అంతే. ఒక కన్ను చేయించుకుని, రెండోది తిరిగొచ్చాక చూద్దామని విమానం ఎక్కేవాళ్లు మనలో ఎంతమందో. ఒక కన్ను బాగా కనిపిస్తోంది కదా అనే భరోసా ఇక్కడ పనికిరాదు. దూరాన్నీ లోతునూ కొలిచేది రెండు కళ్లూ కలిసి పంపే బొమ్మల్లోని చిన్న తేడా. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణవాసుల మీద సాగిన పరిశీలనలో 1989లోనే ఇది బయటపడింది. రెండు కళ్లూ ఒకేలా మందగించినవాళ్లకన్నా, ఒకటి బాగుండి ఇంకోటి మందగించినవాళ్లకే తుంటి విరిగే ముప్పు ఎక్కువగా కనిపించింది. వీలైతే రెండో కన్ను కూడా పూర్తిచేసుకుని, జోడు స్థిరపడ్డాకే ప్రయాణం పెట్టుకోమనండి. ఒక కంటికి దూరం, ఇంకో కంటికి దగ్గర అమర్చి జోడే అక్కర్లేకుండా చేస్తామని ఆసుపత్రిలో చెబితే, లోతు అంచనా ఏమవుతుందని ముందుగా అడగమనండి.

లోతు తెలియట్లేదని ఎలా పసిగట్టాలి? వాళ్లు చెప్పరు, చాలాసార్లు వాళ్లకే తెలియదు. చెంబులోంచి గ్లాసులోకి నీళ్లు వంపుతుంటే అంచు మీద పడుతున్నాయేమో చూడండి. మెట్టు దిగేముందు పాదంతో అంచును తడుముతున్నారా, గోడ పట్టుకుంటున్నారా? చివరి మెట్టు ఇంకా ఉండగానే నేల వచ్చేసిందనుకుని అడుగు వేస్తున్నారా? ఒక్కసారి కనిపించినా చాలు.

ఇక ఇల్లు. అమెరికా ఇళ్లలో మెట్లకు తివాచీ, అదీ లేత గోధుమ రంగుది, పైనుంచి కిందిదాకా ఒకే తాను. మంచి చూపున్నవాళ్లకే అంచు తెలియదు. ప్రతి మెట్టు అంచుకూ ముదురు రంగు పట్టీ వేయించండి, రెండంగుళాల వెడల్పు చాలు. పట్టీ సరిగ్గా అంచుకు కలిసి ఉండాలి. ఒక అంగుళం లోపలికి ఉంటే కన్ను అక్కడే మెట్టు అయిపోయిందనుకుంటుంది, అసలు పట్టీ లేకపోవడమే నయం. తివాచీ మీద టేపు నిలవదు, లేచిన టేపుకు చీర కుచ్చిళ్లు తగులుకుంటాయి, కాబట్టి స్క్రూలతో బిగించే పట్టీలే మంచివి. పట్టుకుని దిగే కడ్డీలు రెండు వైపులా ఉండాలి, చివరి మెట్టు దాటి అడుగు దూరం సాగితే ఇంకా మంచిది. నేల వచ్చిందో లేదో కంటికన్నా ముందు చేతికి తెలుస్తుంది.

గ్యారేజీలోకి దిగే ఆ ఒక్క మెట్టును మరవకండి. ఎండలోంచి చీకటి గ్యారేజీలోకి వచ్చిన పెద్దవాళ్ల కళ్లు సర్దుకోవడానికి మనకన్నా చాలా ఎక్కువ సమయం పడుతుంది, అక్కడ కదలికకు వెలిగే దీపం పెట్టండి. బాత్రూంలో తెల్ల టబ్బు అంచు తెల్ల టైల్సులో కలిసిపోతుంది, దాని మీద ముదురు రంగు చాప వేయండి. పట్టుకోవడానికి గోడ లోపలి కట్టెకు బిగించిన కడ్డీ కావాలి, తువ్వాలు ఆరేసే కడ్డీ మనిషి బరువు ఆపదు. రాత్రి లేచేటప్పుడు జోడు ఉండదు కాబట్టి మంచం నుంచి బాత్రూం దాకా నేలకు దగ్గరగా చిన్న దీపాలు ఉండాలి.

ఈ పనులకు ఫలితం ఉంటుందా అంటే, ఉంటుంది. న్యూజిలాండ్‌లోని డునెడిన్, ఆక్లాండ్ నగరాల్లో చూపు బాగా మందగించిన 75 ఏళ్లు దాటిన 391 మందితో చేసిన ప్రయోగంలో, ఆక్యుపేషనల్ థెరపిస్టు ఇంటికి వెళ్లి గదిగదీ చూసి మార్పులు చేయించిన చోట పడటాలు 41 శాతం తగ్గాయి. అదే ప్రయోగంలో ఇంటి దగ్గర వ్యాయామాలు నేర్పిన ఏర్పాటుకు ఆ ఫలితం రాలేదు.

రెండో జోడు మాత్రం ఇండియాలోనే చేయించుకు రమ్మనండి, గుంటూరులోనో వరంగల్‌లోనో ఇక్కడి ఖర్చులో చిన్న వంతుకే అయిపోతుంది. షాపులో చెప్పవలసిన మాట: దూరానికి మాత్రమే, సింగిల్ విజన్. ఫ్రేము రంగు పాతదానికి భిన్నంగా ఉండాలి, రెండూ నల్లవైతే ఏది ఏదో తెలియక చేతికి దొరికింది పెట్టుకుంటారు. ప్రయాణానికి కనీసం నెల ముందు చేతికి వస్తే, అలవాటుపడేదేదో సొంత ఊళ్లో, తెలిసిన నేల మీదే అయిపోతుంది.