సగం ధరకే క్యాన్సర్ మందు అంటారు.. మొదటి మూడు డబ్బాల డబ్బు ఎవరు పెట్టాలి?

2025 ఫిబ్రవరి 1న పెట్టిన కేంద్ర బడ్జెట్‌లో మందుల గురించి ఒక ప్రకటన వచ్చింది. మందుల కంపెనీలు నడిపే రోగి సహాయ పథకాల కింద వచ్చే కొన్ని మందులకు కస్టమ్స్ సుంకం పూర్తిగా ఎత్తేసే జాబితాలో మరో 37 మందులను, 13 కొత్త పథకాలను చేర్చారు. దీనికి ఒకటే షరతు, ఆ మందు రోగికి ఉచితంగా చేరాలి. అంటే ఈ పథకాల కోసం ప్రభుత్వం తనకు రావాల్సిన పన్నును వదులుకుంటోంది. కానీ ఎవరికి ఇవ్వాలి, ఎంత ఆదాయం ఉంటే ఇవ్వకూడదు అన్నది నిర్ణయించేది మాత్రం కంపెనీయే. దరఖాస్తు పెట్టుకునే కుటుంబానికి ఆ లెక్క ముందుగా తెలియదు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

రొమ్ము క్యాన్సర్ మందు రైబోసిక్లిబ్ సంగతే చూద్దాం. 2022లో కేరళకు చెందిన ఒక రోగి ఈ మందు ధర భరించలేక అక్కడి హైకోర్టుకు వెళ్లారు. మందుకే నెలకు 58 వేల రూపాయలకు పైగా అవుతోంది, ఇంటి ఆదాయం చూస్తే 74 వేల చిల్లర. ఈ మందును వేరే కంపెనీలు కూడా తయారు చేసేలా అనుమతి ఇప్పించాలని ఆమె కోరారు. కేసు తేలకముందే ఆమె చనిపోయారు. కోర్టు మాత్రం విషయాన్ని అక్కడితో వదిలేయకుండా విచారణ కొనసాగించింది. ఆ కుటుంబాన్ని పేదలని ఎవరూ అనరు. కానీ మందు కొన్నాక వాళ్ల చేతిలో మిగిలేది పేద ఇంటి ఆదాయమే. కంపెనీల సహాయ పథకాల తలుపు తట్టేది ఎక్కువగా ఇలాంటి ఇళ్లే.

ఈ మందు వాడే పద్ధతి తెలిస్తే ఖర్చు లెక్క అర్థమవుతుంది. పూర్తి డోసు రోజుకు 600 మిల్లీగ్రాములు, అంటే 200 మిల్లీగ్రాముల మాత్రలు మూడు. 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపాలి. ఒక విడతకు 63 మాత్రలు. విడత 28 రోజులే కాబట్టి ఏడాదికి 12 కాదు, 13 విడతలు వస్తాయి. "నెలకు ఒక డబ్బా" అనుకుని బడ్జెట్ వేసుకున్న ఇంట్లో ఏడాది చివర ఒక డబ్బా డబ్బు తక్కువ పడుతుంది.

ఇప్పుడు నిజామాబాద్‌లో ఒక ఇల్లు ఉందనుకుందాం. అమ్మీకి 54 ఏళ్లు, అబ్బాకు చిన్న మెకానిక్ షాపు, పెద్ద కొడుకు దమ్మామ్‌లో డ్రైవర్. డబ్బా ధర 45 వేలు అనుకుందాం. ఇది లెక్క కోసం తీసుకున్న ధర మాత్రమే. పథకం "మూడు కొంటే మూడు ఉచితం". ఇంట్లో వాళ్ల చెవిన పడేది "సగం ధర" అనే మాట. అంటే నెలకు 22,500 సర్దుకుంటే చాలనుకుంటారు. నిజానికి మొదటి మూడు విడతలకు పూర్తి ధర కట్టాలి. మూడు నెలలు కూడా నిండకుండానే 1,35,000 రూపాయలు బయటికి తీయాలి. ఏడాది మొత్తానికి 13 డబ్బాల్లో ఏడు కొనాలి, ఆరు ఉచితంగా వస్తాయి. 5,85,000 కావాల్సిన చోట 3,15,000 అవుతుంది. ఊరటే, కానీ ఆ ఊరట మూడు డబ్బాలు కొన్న తర్వాతే మొదలవుతుంది.

ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. మందు పనిచేస్తోందా లేదా అని డాక్టర్లు సాధారణంగా రెండు మూడు నెలల తర్వాత స్కాన్ తీసి చూస్తారు. జబ్బు పెరిగిందని తేలితే మందు మార్చేస్తారు. అప్పటికి కొన్న డబ్బాలు మూడు, చేతికొచ్చిన ఉచిత డబ్బాలు సున్నా. మందు పనిచేయకపోతే ఆ నష్టం రోగి ఇంటిమీదే పడుతుంది. అందుకే చేరే ముందే పథకం ప్రతినిధిని అడగాల్సిన ప్రశ్న ఇది: "మధ్యలో డాక్టర్ మందు ఆపేస్తే మేం కట్టిన దాని సంగతేంటి?" జవాబు నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఆదాయం దగ్గరికి వస్తే, అడిగే కాగితాలు సాధారణంగా జీతం స్లిప్, ఐటీ రిటర్న్, రేషన్ కార్డు, మీసేవ ద్వారా తహసీల్దార్ ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు స్టేట్‌మెంట్. మెకానిక్ షాపు అబ్బాకు జీతం స్లిప్ ఉండదు. తహసీల్దార్ కాగితం మీద ఏడాదికి లక్షన్నర అని ఉంటుంది. కానీ బ్యాంకు ఖాతాలో కొడుకు పంపిన డబ్బు నెలకు 30 వేలు కనిపిస్తుంది. రెండూ ఎదురెదురుగా పెట్టి చూసేవాళ్లకు ఇది అబద్ధంలా కనిపిస్తుంది. ఆ 30 వేలలో వీసా కోసం తెచ్చిన అప్పు కిస్తీ ఎంత పోతోందో, చెల్లెలి ఫీజు ఎంతో స్టేట్‌మెంట్ చెప్పదు.

అందుకని కొడుకు సంపాదనను దాచడం దారి కాదు. తర్వాత బయటపడితే మధ్యలో సాయం ఆగిపోవచ్చు, మందు ఆగితే జబ్బు ఆగదు. దరఖాస్తుతో పాటు ఒక పేజీ ఉత్తరం జతచేయడం మేలు. ఎవరి సంపాదన ఎంత, ఎంతమంది తినాలి, అప్పు కిస్తీ ఎంత, ఇంటి అద్దె ఎంత, ఇప్పటిదాకా వైద్యానికి ఎంత ఖర్చయింది, అన్నీ అంకెలతో రాయాలి. కిస్తీ రసీదు జతచేయాలి. కష్టాల గురించి పది వాక్యాల కన్నా ఆ రసీదు ఒక్కటి ఎక్కువ మాట్లాడుతుంది.

ప్రిస్క్రిప్షన్‌లో కూడా తిరస్కరణలు పుడతాయి. మందు పేరు, మాత్ర బలం, రోజుకు ఎన్ని, ఎన్ని రోజులు, విడతకు మొత్తం ఎన్ని మాత్రలు, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ ఉండాలి. తెల్లకణాలు తగ్గి డాక్టర్ డోసును 400కు దించితే విడతకు 42 మాత్రలే. కొత్త చీటీ పంపకపోతే పాత లెక్కకు, కొత్త బిల్లుకు పొంతన కుదరదు. మన ఇళ్లలో పేరుతో కూడా తంటా వస్తుంది. ఆధార్‌లో "షేక్" అని పూర్తిగా, ఆసుపత్రి ఫైల్లో "ఎస్‌కే" అని పొడి అక్షరాలు, బిల్లు మీద ఇంటి పేరే లేకుండా. మూడూ ఒకే మనిషివని నిరూపించడానికే వారాలు గడిచిపోతాయి. ఆసుపత్రిలో ఫైలు తెరిచిన రోజే ఆధార్‌లో ఉన్నట్టే పేరు రాయించుకోవాలి. చాలా పథకాల్లో నమోదుకు ముందు కొన్న డబ్బాలు గానీ, వాళ్లు చెప్పిన దుకాణంలో కాకుండా వేరేచోట కొన్నవి గానీ లెక్కలోకి రావు. బ్యాచ్ నంబరున్న అసలు బిల్లులు, ఖాళీ స్ట్రిప్పులు పారేయకూడదు.

దరఖాస్తుకు ముందే డాక్టర్‌ని అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఇదే కోవకు చెందిన మరో మందు పాల్బోసిక్లిబ్ పేటెంట్ మన దేశంలో 2023 జనవరిలో ముగిసింది. ఆ తర్వాత మన కంపెనీలు దాన్ని చాలా తక్కువ ధరకు తెచ్చాయి. రెండూ ఒకటే మందు కాదు, ఏది ఎవరికి సరిపోతుందో డాక్టరే చెప్పాలి. కానీ సరిపోయే రోగికి, సహాయ పథకంలోని సగం ధర కన్నా జనరిక్ పూర్తి ధరే తక్కువ పడవచ్చు.

జకాత్ ఇచ్చేవాళ్లు, మొహల్లా బైతుల్‌మాల్‌లు కూడా ఈ లెక్క తెలుసుకోవాలి. నెలకు ఐదు వేల చొప్పున ఏడాది ఇస్తే ఆ ఇంటికి 60 వేలు అందుతాయి. అవే 60 వేలు మొదటి నెలల్లోనే ఒక్కసారిగా ఇస్తే మూడో డబ్బా కొనగలుగుతారు, ఉచిత డబ్బాల తలుపు తెరుచుకుంటుంది. సొమ్ము అంతే, ఇచ్చే సమయమే తేడా.

కుటుంబం వైపు నుంచి చేయగలిగింది ఇంతవరకే. పన్ను మినహాయింపు పొందుతున్న ప్రతి పథకం ఆదాయ పరిమితిని, కొనాల్సిన డబ్బాల సంఖ్యను, తిరస్కరించిన కారణాన్ని ప్రజల ముందు పెట్టాలని ప్రభుత్వం షరతు విధించవచ్చు. మందు ఉచితంగా చేరాలని షరతు పెట్టగలిగినప్పుడు, ఎవరికి చేరుతుందో చెప్పమనడం అసాధ్యమేమీ కాదు.